పరీక్షల టైంటేబుల్ ఎందుకు ఆలస్యమవుతుంది? వచ్చాక ఎందుకు మారుతుంది?

ప్రతి సంవత్సరం నవంబరు దాటిందంటే మన సంఘం కార్యాలయానికి ఒకే ప్రశ్నతో ఫోన్లు మొదలవుతాయి. "భాయ్, పిల్లాడి పరీక్షల తేదీలు వచ్చాయా?" అడిగే తల్లికి ఆ తేదీలతో చాలా పని ఉంటుంది. పక్క ఊరి కాలేజీలో చదివే కొడుకును పరీక్షల రోజుల్లో ఎవరింట్లో ఉంచాలి, కూలి పనికి ఎన్ని రోజులు సెలవు పెట్టుకోవాలి, చెల్లెలి నిఖా ఏ వారంలో పెట్టుకోవాలి అన్నవి ఆ ఒక్క కాగితం మీదే ఆధారపడి ఉంటాయి. దాతలు కూడా ఇదే సంగతి ఇంకో రకంగా అడుగుతారు: "పరీక్షలు ఎప్పుడో తెలియకుండా ఫీజుకు, హాస్టలు ఖర్చుకు డబ్బు ఇప్పుడే ఎందుకు?" రెండు ప్రశ్నలకూ జవాబు దొరకాలంటే టైంటేబుల్ ఎలా తయారవుతుందో తెలియాలి. ఉత్తరాదిలో, సీబీఎస్ఈ బడుల్లో దీన్ని డేట్ షీట్ అంటారు. మన దగ్గర టైంటేబుల్ అంటాం. కాగితం ఒకటే.

ఎంత ముందు వస్తుంది?

ముందు లెక్క చూద్దాం. సీబీఎస్ఈ 2023 పరీక్షలు ఫిబ్రవరి 15న మొదలయ్యాయి. డేట్ షీట్ 2022 డిసెంబరు 29న వచ్చింది. అంటే పిల్లల చేతిలో ఉన్నది ఏడు వారాలు కూడా కాదు. మరుసటి సంవత్సరం అది డిసెంబరు 12న వచ్చింది. 2025 పరీక్షలకు 2024 నవంబరు 20నే వచ్చింది. ఇది 86 రోజుల ముందు విడుదల చేయడమని, అంతకు ముందు సంవత్సరం కన్నా 23 రోజులు త్వరగా ఇచ్చామని బోర్డే చెప్పుకుంది. 2026 పరీక్షల విషయంలో ఇంకా ముందుకు జరిగింది. తాత్కాలిక డేట్ షీట్ 2025 సెప్టెంబరు 24న, అసలుది అక్టోబరు 30న వచ్చాయి. పరీక్షల మొదటి రోజు ఫిబ్రవరి 17 గనుక తాత్కాలికానికి 146 రోజులు, అసలుకు 110 రోజులు దొరికాయి.

మన రాష్ట్రాల్లో 2025 పరీక్షలను చూస్తే, ఆంధ్రప్రదేశ్ ఇంటర్, పదో తరగతి టైంటేబుళ్లు 2024 డిసెంబరు 11న వచ్చాయి. ఇంటర్ మార్చి 1న, పదో తరగతి మార్చి 17న మొదలయ్యాయి. తెలంగాణ టైంటేబుళ్లు కూడా అదే నెల మూడో వారంలో వచ్చాయి. అక్కడ ఇంటర్ మార్చి 5న, పదో తరగతి మార్చి 21న మొదలయ్యాయి. అంటే మామూలు సంవత్సరంలో మనం రెండున్నర నుంచి మూడు నెలల గడువు ఆశించవచ్చు. డిసెంబరు మొదటి వారంలో కాగితం రాకపోతే అది ఆలస్యం కాదు. జనవరి సగం గడిచినా రాకపోతే ఏదో చిక్కు ఉందని అనుకోవాలి.

సెప్టెంబరులోనే ఇవ్వగలిగిన బోర్డు అంతకు ముందు డిసెంబరు చివరిదాకా ఎందుకు ఆగింది? ఎవరు ఏ సబ్జెక్టు రాస్తారన్న జాబితా చేతికి వచ్చేదాకా టైంటేబుల్ వేయడం కష్టం కాబట్టి. బడులు పిల్లల పేర్లు, సబ్జెక్టులు పంపాలి, ఫీజు కట్టాలి, తప్పులు దిద్దాలి. ఆ తర్వాతే పని మొదలవుతుంది. 2026 పరీక్షలకు సీబీఎస్ఈ తొమ్మిది, పదకొండు తరగతుల్లోనే నమోదైన సబ్జెక్టుల వివరాలు తీసుకుని ముందుగా ఒక తాత్కాలిక కాగితం వేసింది. చివరి జాబితా వచ్చాక దాన్ని సరిచేసింది. ఇక్కడ గమనించాల్సింది, మొదటి కాగితాన్ని బోర్డే తాత్కాలికం అని పిలిచింది. తొందరగా వచ్చిన కాగితం మారే అవకాశం ఎక్కువ. మారని కాగితం కావాలంటే కొంత ఆగాలి.

ఒకే రోజు రెండు పరీక్షలు పడకూడదు

టైంటేబుల్ వేసేవారికి అన్నిటికన్నా గట్టి నియమం ఒకటి ఉంది. ఏ ఒక్క విద్యార్థికీ ఒకే సమయంలో రెండు సబ్జెక్టులు పడకూడదు. వినడానికి చిన్న మాటే. చేయడానికి ఎంత పనో మన ఇంటర్‌నే ఉదాహరణగా తీసుకుంటే అర్థమవుతుంది.

మనం చాలా ఏళ్లుగా చూస్తున్న ఇంటర్ టైంటేబుల్లో మొదట సెకండ్ లాంగ్వేజి ఉండేది. తెలుగు, ఉర్దూ, అరబిక్, హిందీ, సంస్కృతం అన్నీ ఒకే రోజు. ఒక విద్యార్థి వాటిలో ఒకటే తీసుకుంటాడు కనుక ఇబ్బంది లేదు. తర్వాత అందరికీ ఇంగ్లీషు. ఆ తర్వాత గణితం, బోటనీ, సివిక్స్ ఒకే రోజు. ఎంపీసీ పిల్లవాడికి బోటనీ లేదు, బైపీసీ అమ్మాయికి గణితం లేదు, సీఈసీ పిల్లలకు ఆ రెండూ లేవు. ఇంకో రోజు ఫిజిక్సు, ఎకనామిక్సు కలిపి. మరో రోజు కెమిస్ట్రీ, కామర్సు కలిపి. ఎకనామిక్సును గణితం రోజున ఎందుకు పెట్టలేదంటే, ఎంఈసీ గ్రూపు వారికి రెండూ ఉన్నాయి. ఇలా గ్రూపులు నాలుగైదే ఉన్నప్పుడు ఒక్కో సంవత్సరానికి ఆరు ముఖ్యమైన పరీక్షలు ఆరు రోజుల్లో సర్దవచ్చు. ఫస్టియర్ ఒక రోజు, సెకండియర్ మరుసటి రోజు చొప్పున మార్చి మార్చి పెడతారు. ఆదివారాలు, చిన్న గ్రూపుల పేపర్లు కలుపుకుంటే సుమారు మూడు వారాలు.

ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి విద్యార్థి తనకు నచ్చిన సబ్జెక్టు ఎంచుకునే వెసులుబాటు పెంచారు. మంచిదే. కానీ గణితం చదివే పిల్ల బయాలజీ కూడా తీసుకోగలిగినప్పుడు ఆ రెండింటినీ ఒకే రోజు పెట్టడం కుదరదు. అందుకే రోజుకు ఒకే సబ్జెక్టు అనే పద్ధతికి వెళ్లారు. ఫలితం తేదీల్లోనే కనబడుతుంది. 2025లో మార్చి 1 నుంచి 20 దాకా సాగిన పరీక్షలకు 2026లో ఫిబ్రవరి 23 నుంచి మార్చి 24 దాకా, అంటే నెల రోజులు కేటాయించారు. పిల్లలకు ఎంపిక పెరిగితే టైంటేబుల్ పొడవు పెరుగుతుంది. పిల్లవాడు హాస్టల్లో ఉండే రోజులు కూడా పెరుగుతాయి.

సీబీఎస్ఈలో గ్రూపులు అసలు ఇంత బిగువుగా ఉండవు. దేశమంతటా, విదేశాల్లోని బడుల్లోనూ కలిపి 40,000కు పైగా రకాల సబ్జెక్టు కలయికలు వస్తాయని, వాటన్నిటినీ చూసుకునే డేట్ షీట్ వేస్తామని బోర్డు చెబుతుంది. ఇంత చూసినా చిన్న సవరణలు తప్పవు. 2024 పరీక్షలకు డిసెంబరులో ఇచ్చిన డేట్ షీట్‌ను జనవరి 4న సవరించారు. పదో తరగతిలో టిబెటన్, రిటైల్ పేపర్లు, పన్నెండో తరగతిలో ఫ్యాషన్ స్టడీస్ తేదీలు మారాయి. గణితం, సైన్సు రాసే లక్షల మందికి ఏమీ మారలేదు. సవరణ అనగానే అందరూ కంగారు పడనక్కర లేదన్నది దీన్నిబట్టి తెలుస్తుంది. ముందు మన పిల్లవాడి పేపరు మారిందా లేదా చూసుకోవాలి.

2022లో ఏం జరిగింది?

ఒక టైంటేబుల్ ఇంకో టైంటేబుల్‌ను ఎలా తోసేస్తుందో చూడాలంటే 2022 సంవత్సరం కన్నా మంచి ఉదాహరణ లేదు. ఆ సంవత్సరం మన పిల్లలు కూడా ఆ ఇబ్బంది పడ్డారు.

ఆంధ్రప్రదేశ్ ఇంటర్ పరీక్షలు ఏప్రిల్ 8 నుంచి 28 వరకు అని ఫిబ్రవరిలో ప్రకటించారు. తెలంగాణలో ఏప్రిల్ 20 నుంచి అన్నారు. మార్చి 1న జేఈఈ మెయిన్ తేదీలు వచ్చాయి. ఆ పరీక్షను నిర్వహించే జాతీయ సంస్థ ఎన్‌టీఏ ఏప్రిల్ 16 నుంచి 21 వరకు అని చెప్పింది. సరిగ్గా ఇంటర్ పరీక్షల మధ్యలో. ఇంటర్ రాసే ఎంపీసీ పిల్లవాడే జేఈఈ కూడా రాస్తాడు. రెండు చోట్లా ఒకే రోజు కూర్చోలేడు. జాతీయ పరీక్షను రాష్ట్ర బోర్డు కదిలించలేదు. తన పరీక్షనే కదుపుకోవాలి. ఆంధ్రప్రదేశ్ ఏప్రిల్ 22 నుంచి మే 12 వరకు అని మార్చింది. తెలంగాణ కూడా ఏప్రిల్ 22కు జరిగింది.

అక్కడితో అయిపోలేదు. మార్చి నెల మధ్యలో ఎన్‌టీఏ తన తేదీలను తానే మార్చుకుంది. ఈసారి ఏప్రిల్ 21 నుంచి మే 4 మధ్యలో విడివిడి రోజుల్లో జేఈఈ అంది. కొత్తగా వేసుకున్న ఇంటర్ టైంటేబుల్ మళ్లీ దానికి అడ్డం పడింది. రెండు రాష్ట్రాలూ మళ్లీ మార్చి, మే 6 నుంచి ఇంటర్ అని ప్రకటించాయి.

ఇప్పుడు పదో తరగతి సంగతి. ఇంటర్‌కూ పదో తరగతికీ బోర్డులు వేరైనా ఊళ్లో గదులు, ఇన్విజిలేటర్లుగా వెళ్లే ఉపాధ్యాయులు, ప్రశ్నపత్రాలను దాచే పోలీస్ స్టేషన్లు, కాపలా ఉండే సిబ్బంది చాలావరకు ఉమ్మడి. ఇంటర్ కదిలితే పదో తరగతి నిలబడలేదు. ఆంధ్రప్రదేశ్‌లో మే 2న మొదలు కావాల్సిన పదో తరగతి పరీక్షలు వెనక్కి పోకుండా ముందుకు, ఏప్రిల్ 27కు వచ్చాయి. తెలంగాణలో మే 11న మొదలు కావాల్సినవి మే 23కు పోయాయి. ఒకే కారణం ఒక రాష్ట్రంలో పిల్లలకు ఐదు రోజులు తగ్గించింది, పక్క రాష్ట్రంలో పన్నెండు రోజులు పెంచింది.

చివరికి ఏప్రిల్ 6న ఎన్‌టీఏ జేఈఈని జూన్‌కు వాయిదా వేసింది. ఏ పరీక్ష కోసం అందరూ జరిగారో ఆ పరీక్షే అక్కడ లేకుండా పోయింది. మరి ఇంటర్‌ను మళ్లీ ఏప్రిల్‌కు తేలేరా? తేలేరు. అప్పటికి పదో తరగతిని ఆ ఖాళీలో పెట్టేశారు. ఇంటర్ మే 6నే మొదలైంది.

ఈ మార్పుల ఖర్చు ఎవరు భరించారు? ఆంధ్రప్రదేశ్‌లో ఏప్రిల్ 8కి, మే 6కి మధ్య 28 రోజులు. హాస్టల్లో ఉన్న ఒక పిల్లవాడి తిండికి రోజుకు నూరు రూపాయలనుకున్నా 2,800 రూపాయలు అదనం. ఇరవై మంది ఉంటే 56,000 రూపాయలు. ఇది ఏ బడ్జెట్లోనూ ముందుగా రాసుకున్న ఖర్చు కాదు. ఇక ఆ సంవత్సరం రంజాన్ నెల ఏప్రిల్ 3న మొదలై, మే 3న పండుగ వచ్చింది. మొదటి టైంటేబుల్ ప్రకారమైతే మన పిల్లలు ఇంటర్ మొత్తం రోజాలతో రాసేవారు. మార్పు వల్ల పండుగ తర్వాత రాశారు, కానీ మే నెల ఎండలో. ఒక బాధ తప్పి ఇంకో బాధ వచ్చింది. ఇందులో ఎవరి ఉద్దేశమూ లేదు. ఒక తేదీ ఇంకో తేదీని తోసింది, అంతే.

ఆ తర్వాతి సంవత్సరాల్లో టైంటేబుళ్లు త్వరగా రావడానికి ఒక కారణం కూడా ఇక్కడే ఉంది. 2025 జేఈఈ మెయిన్ రెండు విడతల తేదీలూ 2024 అక్టోబరులోనే తెలిసిపోయాయి. జనవరి చివర ఒకటి, ఏప్రిల్ మొదట్లో ఒకటి. వాటి మధ్యలో ఎంత ఖాళీ ఉందో బోర్డులకు తెలుసు కాబట్టి డిసెంబరులో ధైర్యంగా తేదీలు వేయగలిగాయి. అందుకే టైంటేబుల్ ఎప్పుడు వస్తుందో అంచనా వేయాలంటే జేఈఈ తేదీలు ప్రకటించారా లేదా అన్నది ముందు చూడండి. అవి తేలలేదంటే ఇంటర్ టైంటేబుల్ వచ్చినా అది గట్టిది కాదు.

ఎన్నికలు, చంద్రుడు

తేదీలను కదిలించేవి ఇంకా రెండు మూడు ఉన్నాయి. ఎన్నికలు వస్తే బడులు పోలింగ్ కేంద్రాలవుతాయి, ఉపాధ్యాయులు ఎన్నికల విధుల్లోకి వెళతారు. 2017లో ఐదు రాష్ట్రాల ఎన్నికల వల్ల సీబీఎస్ఈ పరీక్షలు మార్చి 1 బదులు మార్చి 9న మొదలయ్యాయి. పేపరు లీకైతే ఆ ఒక్క పేపరే మళ్లీ పెడతారు. 2018లో సీబీఎస్ఈ పన్నెండో తరగతి ఎకనామిక్సు ఏప్రిల్ 25న రెండోసారి జరిగింది.

మూడోది మనకు బాగా తెలిసిన సంగతి, నెలవంక. ఈద్ ఏ రోజన్నది ముందటి సాయంత్రం చంద్రుడు కనబడ్డాకే తేలుతుంది. టైంటేబుల్ మాత్రం మూడు నెలల ముందే అచ్చు వేయాలి. 2025లో మన దేశంలో రోజాలు మార్చి 2న మొదలయ్యాయి. కాబట్టి ఈద్ మార్చి 31 గానీ ఏప్రిల్ 1 గానీ కావాలి. ఆంధ్రప్రదేశ్ పదో తరగతి టైంటేబుల్లో చివరి ముఖ్యమైన పేపరు సోషల్‌కు మొదట వేసిన తేదీ మార్చి 31. పండుగ ఆ రోజే రావడంతో సోషల్ పరీక్ష ఏప్రిల్ 1న జరిగింది. మార్చి 30 ఆదివారం ఉగాది, 31 రంజాన్, ఆ మరుసటి రోజు పరీక్ష. పండుగ రోజు బిర్యానీ పక్కన సోషల్ పుస్తకం పెట్టుకున్న పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు.

ఇలాంటి మార్పు బోర్డుకు పెద్ద కష్టం కాదు. ఆ పేపరు కట్టలు పోలీస్ స్టేషన్లో ఇంకో రోజు భద్రంగా ఉంటాయి, వెనక ఇంకో పరీక్ష లేదు కనుక దేన్నీ తోయాల్సిన పని లేదు. అదే పండుగ పరీక్షల మధ్యలో పడి, ముందూ వెనకా పేపర్లు ఉంటే సర్దడం కష్టం. పరీక్షల కాలంలో ఈద్ వచ్చే సంవత్సరం టైంటేబుల్ చేతికి రాగానే పండుగ పడగల రెండు తేదీల మీదా వేలు పెట్టి చూడాలి. రెండింటిలో దేనిమీద పేపరున్నా ఆ రోజు మారవచ్చని పిల్లవాడికి అప్పుడే చెప్పాలి.

మనం ఏం చేయాలి?

మొదట దాతల ప్రశ్నకు జవాబు. ఫీజు గడువు టైంటేబుల్ కోసం ఆగదు. పరీక్ష ఫీజు కట్టిన వారి జాబితా తయారయ్యాకే టైంటేబుల్, సెంటర్లు, హాల్ టికెట్లు వస్తాయి. అందుకే ఫీజు డబ్బు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే చేతిలో ఉండాలి. "తేదీలు వచ్చాక చూద్దాం" అనుకున్న కుటుంబం ఆలస్య రుసుముతో కడుతుంది. ఆ గడువు కూడా దాటితే పిల్లవాడి సంవత్సరం పోతుంది. తేదీ మారితే హాస్టల్లో నాలుగు రోజులు ఎక్కువ ఉంటాడు. ఫీజు తప్పితే పరీక్షే రాయలేడు.

రెండోది, హాస్టలు, ప్రయాణం ఖర్చు. దీన్ని టైంటేబుల్లోని చివరి తేదీతో ముగించకుండా మరో పది పదిహేను రోజులకు సరిపడా పక్కన ఉంచాలి. 2022లాగా 28 రోజుల మార్పు ప్రతి సంవత్సరం రాదు, కానీ కొద్ది రోజుల మార్పు వింత కాదు. రైలు టికెట్టు, నిఖా, ఊరి ప్రయాణం చివరి పరీక్ష మరుసటి రోజుకే పెట్టుకోవద్దని తల్లిదండ్రులకు చెబుతున్నాం. కనీసం వారం విడిచి పెట్టుకోండి.

మూడోది, వాట్సప్‌లో తిరిగే టైంటేబుళ్లు. అసలు కాగితం రాకముందే రెండు మూడు నకిలీలు వస్తాయి. పాత సంవత్సరం కాగితం మీద సంవత్సరం అంకె ఒక్కటే మార్చి పంపేస్తారు. దాన్ని పట్టడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. తేదీ పక్కన రాసిన వారం ఆ సంవత్సరం క్యాలెండరులో సరిపోతుందా చూడండి. తేదీ నిరుటిది, సంవత్సరం ఈనాటిది అయితే వారం కుదరదు, ఆదివారం రోజు పరీక్ష పడిన కాగితాలూ కనబడతాయి. వారం సరిపోయినా అంతటితో నమ్మవద్దు, బోర్డు సైట్లో అదే కాగితం ఉండాలి. ఆంధ్రప్రదేశ్ పదో తరగతికి bse.ap.gov.in, ఇంటర్‌కు bie.ap.gov.in, తెలంగాణ పదో తరగతికి bse.telangana.gov.in, ఇంటర్‌కు tgbie.cgg.gov.in, సీబీఎస్ఈకి cbse.gov.in. సైట్లో రెండు కాగితాలుంటే కింద తేదీ చూసి, తర్వాత వచ్చిన దాన్నే తీసుకోండి.

టైంటేబుల్ గోడకు అతికించాక కూడా పరీక్షలకు పది రోజుల ముందు ఒకసారి, హాల్ టికెట్టు చేతికొచ్చిన రోజు ఇంకోసారి తేదీలు పోల్చి చూడాలి. హాల్ టికెట్టు మీద ఆ పిల్లవాడి సబ్జెక్టులే, ఆ పిల్లవాడి తేదీలే ఉంటాయి. గోడ మీది కాగితానికీ దానికీ తేడా కనబడితే అదే రోజు కాలేజీకి వెళ్లి అడగాలి. చదువుకోని తల్లిదండ్రులు ఈ పోలిక చేయలేరు. ఇంట్లో చదివిన అక్కో, పక్కింటి అబ్బాయో, లేకపోతే మన కార్యాలయంలో కూర్చునే వారో పది నిమిషాలు కేటాయిస్తే చాలు. పరీక్ష అయిపోయిన మరుసటి రోజు సెంటరు గేటు ముందు పిల్లవాడు నిలబడే పరిస్థితి రాదు.